లీజులో పంపుసెట్టు ఎవరిది? అడగాల్నా, మనమే తేల్చాల్నా?

అనంత_తర్జుమా: సోలార్ కంపెనీ లీజు ఒకటి తెలుగు చేస్తాండా, సంతకాలకు ముందు రైతులకు చదివి వినిపిస్తారంట. గడువు అయినంక లెస్సీ, అంటే ఆ కంపెనీ, ఏమేం తీస్కపోవచ్చు అనే చోట "పంప్‌సెట్స్ అండ్ పైప్‌లైన్స్ ఇన్‌స్టాల్డ్ బై ద లెస్సీ" అని ఉండాది. పైపులు లెస్సీ వేసినవే, సరే. పంపుసెట్లు? రైతు బోర్లో ముందునుంచే మోటరు ఉండాది కదా. ఏజెన్సీవాళ్లేమో చిన్నచిన్నవి అడగొద్దు అన్నారు.

కర్నూలు_శీను: దీనికి అడిగేదేముంది, "లెస్సీ వేసిన పంపుసెట్లు, పైపులైన్లు" అని పెట్టు, ఇంగ్లీషులో ఉన్న తికమక తెలుగులోనూ అట్లే ఉంటాది, మన మీదికి రాదు. పన్నెండేండ్ల నుంచి ఇదే పని నాది.

ప్రొద్దుటూరు_అక్క: అట్లే ఉండదు శీనూ. ఇంగ్లీషులో అనుమానం పంపుసెట్టు మీద. నువ్వు రాసిందాంట్లో పంపుసెట్టు లెస్సీదే అని ఖాయమైపాయ, అనుమానం పైపుల మీదికి దూకె. రైతువి పాత పైపులు కూడా కంపెనీ పీక్కపోవచ్చు అని రేపు ఎవడన్నా అంటాడు.

గుంతకల్లు_రాఘవ: ముందు ఆ లెస్సీ తీసేయండప్పా, రైతుకేం తెలుస్తాది. గుత్తదారు అని రాయి.

కర్నూలు_శీను: గుత్త అంటే చింతతోపు వేలంపాట కాదా? కౌలుదారు అనల్ల.

గుంతకల్లు_రాఘవ: కౌలుదారు పంట పెడ్తాడు, ప్యానెళ్లు పెట్టడు. పన్నెండేండ్లలో ఇదే నేర్చుకున్యావా?

కర్నూలు_శీను: మర్యాదగా మాట్లాడు.

మైదుకూరు_మామ: తమ్ముడూ రిజిస్ట్రార్ ఆఫీసులో సవరణ దస్తావేజు రాయించుకో, మాకు సర్వే నంబరు తప్పు పడితే అట్లే చేసినాం.

అనంత_తర్జుమా: అన్నా, లీజు నాది కాదు, నేను తర్జుమా చేసేవాణ్ని.

ప్రొద్దుటూరు_అక్క: అనంతా, చివర షెడ్యూలు చూసినావా? రైతు ఆస్తుల కింద మోటరు రాసుంటే అడగాల్సిన పనే లేదు, దాన్నిబట్టి తేల్చేసి మెయిల్లో ఒక ముక్క చెప్తే చాలు. ఒకసారి నెల అంటే 30 రోజులా, క్యాలెండరు నెలా అని అడగబోయినా, చూస్తే నిర్వచనాల్లోనే ఉండె, పరువు దక్కె.

అనంత_తర్జుమా: షెడ్యూల్లో "బోరు ఒకటి" అని మాత్రమే ఉందక్కా, మోటరు మాటే లేదు.

ప్రొద్దుటూరు_అక్క: అట్లయితే అడుగు. కాగితం ఏం చెప్పక, మనం రాసేదాన్నిబట్టి ఒకరి సొత్తు ఇంకొకరికి పోయేట్టుంటే అది మనం తేల్చేది కాదు. "దీని అర్థమేంటి" అని అడగొద్దు, జవాబు రాదు. రెండర్థాలూ రాసియ్యి: ఒకటి, లెస్సీ పెట్టిన మోటర్లే పోతాయి. రెండు, బోర్లో ఉన్న మోటరు ఎవరిదైనా పోతుంది. ఏది రాయాల అని అడుగు. గడువులోపల చెప్పకపోతే మొదటిది రాసి, ఆ వాక్యానికి రంగేసి పంపుతా అని కూడా పెట్టు.

కర్నూలు_శీను: తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది అని చివర్లో ఉంటాది గదా అక్కా, ఇంత రాద్ధాంతమెందుకు.

ప్రొద్దుటూరు_అక్క: రైతు వినేది తెలుగే కదా. కెనడాలో కరెంటు స్తంభాల ఒప్పందంలో ఇంగ్లీషు ప్రతిలోని ఒక్క కామా చూసి 2006లో అక్కడి నియంత్రణ సంస్థవాళ్లు ముందే రద్దు చేసుకోవచ్చన్నారు, 2007లో ఫ్రెంచి ప్రతి చూసి ఆ మాట తిప్పేసినారు.

కర్నూలు_శీను: అక్కడ రెండు ప్రతులూ చెల్లుతాయి కాబట్టి. ఇక్కడ ఆ లెక్క రాదు.

డోన్_నాగ: ఒక్క ఫైలుకు 14 ప్రశ్నలు పంపితే నాకు మళ్లా పనే ఇయ్యలేదు. చూసుకో అబ్బా.

అనంత_తర్జుమా: అక్క చెప్పినట్లే ఒక్క ప్రశ్నే పంపినా. జవాబు వచ్చె: "సోర్సులో ఎట్లుంటే అట్లే చేయండి."

గుంతకల్లు_రాఘవ: 😂 గుత్తదారు గురించి కూడా అడగాల్సింది.