“చెప్పడానికి కుదరలేదు” అన్న మాటను ఆఫీసు ఇంగ్లీషులో ఎలా రాయాలి?

జీడితోట_టెక్కలి
అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి పదకొండు గంటలకు మా పెద్దమ్మ పోయారని కబురు రాగానే హైదరాబాదులో బస్సెక్కి ఊరికి వచ్చేశాను. సోమవారం ఉదయం మా మేనేజరుకు పంపవలసిన నెలవారీ రిపోర్టు పంపలేదు. మంగళవారం సాయంత్రం వరకు ఆఫీసులో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన విదేశంలో ఉంటారు, తెలుగు రాదు. నా మనసులో ఉన్నది ఇది: “సార్, మా పెద్దమ్మ పోయారని తెలిసి ఉన్నపళంగా బయలుదేరాను. ఆ కంగారులో మీకు చెప్పడానికి కుదరలేదు. ఏమీ అనుకోకండి.” దీనిని ఇంగ్లీషులో పెడితే “డ్యూ టు సమ్ పర్సనల్ రీజన్స్, ఐ వాజ్ నాట్ ఏబుల్ టు ఇన్ఫార్మ్” అని తేలింది. చదువుకుంటే నాకే అబద్ధంలా ఉంది. పెద్దకర్మకు సెలవు కూడా ఇందులోనే అడగవచ్చునా?

రాజాం_మాస్టారు
ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన అనుభవంతో రాస్తున్నాను. ఆఫీసు ఉత్తరంలో “నేను, నేను” అని కనిపించకూడదు. “ది డిలే ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్” అని కర్మణి ప్రయోగంలో రాయండి, హుందాగా ఉంటుంది. మరణవార్తకు “మై ఆంట్ ఎక్స్‌పైర్డ్” అంటే చాలు.

నాగావళి_ఒడ్డు
మాస్టారి మాట సంస్థ తరఫున రాసే ప్రకటనకు సరిపోతుంది. రైలు ఆలస్యమైతే రైల్వేవారు అలాగే చెబుతారు. ఒక మనిషి తన పొరపాటు గురించి మరో మనిషికి రాసేటప్పుడు మాత్రం, చింతిస్తున్నది ఎవరో కనిపించకపోతే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది.

పద్నాలుగేళ్ళుగా విదేశీ క్లయింట్లకు ఉత్తరాలు రాస్తున్నాను కనుక అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. “కుదరలేదు” అన్న మాటకు తెలుగులో కర్త అక్కరలేదు. పని కుదరలేదంటే పరిస్థితి కలిసి రాలేదని మనం అర్థం చేసుకుంటాము. చెప్పినవాడిని ఎవరూ నిలదీయరు. అదే మాట “ఐ వాజ్ నాట్ ఏబుల్ టు” అయ్యేసరికి మీ అశక్తతగా మారుతుంది. అప్పుడు చదివే మనిషికి వెంటనే వచ్చే ప్రశ్న: రాత్రంతా బస్సులో చేతిలో ఫోను ఉంది కదా, ఎందుకు చేతకాలేదు? నిజానికి మీకు చేతకాక కాదు, తోచక చెప్పలేదు. కాబట్టి “ఐ షుడ్ హ్యావ్ మెసేజ్డ్ యూ బిఫోర్ ఐ లెఫ్ట్, అండ్ ఐ డిడ్ నాట్” అని రాయండి. తెలుగులో ఇంత నేరుగా అంటే మొరటుగా ఉంటుంది కానీ ఇంగ్లీషులో నిజాయితీ వినబడేది అక్కడే.

వంశధార_కుర్రాడు
“ఎక్స్‌పైర్డ్” దయచేసి వద్దు! మా తాతగారు పోయినప్పుడు నేను అలాగే రాస్తే, అవతలి ఆవిడ ఏదో లైసెన్సు గడువు తీరిందనుకుని “రెన్యూ చేసుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది?” అని అడిగింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

రాజాం_మాస్టారు
ఆమెకు ఇంగ్లీషు రాకపోతే తప్పు మాటది కాదు. ప్రాణం విడవడం అన్న అర్థం ఆ పదానికి నిఘంటువులలోనే ఉంది. మన ఆసుపత్రులలో నేటికీ అదే రాస్తారు.

నాగావళి_ఒడ్డు
అర్థం ఉన్నమాట నిజమే, మాస్టారూ. అయితే ఇప్పుడు బయటి దేశాలలో మామూలు మాటగా అది మందు సీసాకు, కార్డుకు మాత్రమే వినబడుతోంది. “పాస్డ్ అవే” లేదా సూటిగా “డైడ్” చాలు.

రాజాం_మాస్టారు
అంటే ఎవరికో అలవాటు లేదని మన ఇంగ్లీషును మనమే వదులుకోవాలా? “ఔట్ ఆఫ్ స్టేషన్” కూడా తప్పే అంటారు కాబోలు.

వంశధార_కుర్రాడు
తప్పని ఎవరన్నారండీ? చదివేవాడికి అందదు అంటున్నాము. మీరు పాఠం చెప్పడానికి వచ్చారు, ఆయన ఉద్యోగం కాపాడుకోవడానికి వచ్చారు.

కోట_జంక్షన్
మా విజయనగరంలో సిరిమానోత్సవం ఎప్పుడూ దసరా వెళ్ళిన మంగళవారమే వస్తుంది. “సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్” అని బడిలో నేర్చిన ఉత్తరాన్నే మూడేళ్ళు వరుసగా పంపాను. నాలుగో ఏడు మా టీమ్ లీడరు నా స్టేటస్‌లో సిరిమాను ఫోటో చూసి జ్వరం తగ్గిందా అని అడిగాడు. అప్పటినుంచి ఊరి అమ్మవారి పండుగ అని ఉన్నదున్నట్టు రాస్తున్నాను; ఒక్కసారీ కాదనలేదు.

పలాస_గాలి
పై సంగతికీ అడిగిన ప్రశ్నకూ పొత్తు లేదు కానీ, ఉన్నదున్నట్టు రాయడం గురించి నా అనుభవం చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. చెట్లూ స్తంభాలూ పడిపోయి ఫోన్లు మూగబోయాయి. నాలుగు రోజుల తరువాత సిగ్నలు అందిన చోట నిలబడి “నో కరెంట్, నో నెట్‌వర్క్, సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్” అని పంపితే, ఒక పూట కరెంటు పోయినట్టు తీసుకుని మందలించారు. తరువాత తుపాను పేరు, తీరం దాటిన తేదీ, మా ఊరి పేరు, మళ్ళీ ఎప్పుడు పనిలోకి వస్తానన్నదీ రాశాను. వెంటనే స్వరం మారిపోయింది. మనము గొంతులో పలికించే బాధ ఉత్తరంలో వినబడదు. తేదీ, ఊరు వినబడతాయి.

జీడితోట_టెక్కలి
తేదీ సరే. “పెద్దమ్మ”ను ఏమి చేయాలి? “ఆంట్” అంటే ఎక్కడో దూరపు చుట్టంలా ఉంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆవిడే.

నాగావళి_ఒడ్డు
ఆ మాట ముందే చెప్పవలసింది, బాబూ. చాలా సంస్థలలో మరణ సెలవుకు రాసుకునే చుట్టాల జాబితాలో తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు వంటి దగ్గరివారే ఉంటారు. “ఆంట్” అని వదిలేస్తే సెలవూ రాదు, మీ దుఃఖమూ అందదు. మీ ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“మై మదర్స్ ఎల్డర్ సిస్టర్, హూ రెయిజ్డ్ మీ, డైడ్ ఆన్ సండే నైట్, అండ్ ఐ లెఫ్ట్ ఫర్ మై హోమ్ టౌన్ ఎట్ వన్స్. ఐ షుడ్ హ్యావ్ మెసేజ్డ్ యూ బిఫోర్ ఐ లెఫ్ట్, అండ్ ఐ డిడ్ నాట్. ఐ యామ్ సారీ. ఐ విల్ సెండ్ ది రిపోర్ట్ బై థర్స్‌డే నూన్, యువర్ టైమ్.”

“ఏమీ అనుకోకండి”కి మాటకు మాట వెతకకండి. “డోంట్ థింక్ ఎనీథింగ్” అంటే ఆలోచించవద్దని ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. “ఉన్నపళంగా” అన్నది “ఎట్ వన్స్”లో సగమే వచ్చింది. మిగతా సగం “హూ రెయిజ్డ్ మీ” మోస్తుంది. “కంగారు”ను నేను కావాలనే వదిలేశాను.

వంశధార_కుర్రాడు
అది వదిలేస్తే ఎలాగండీ? ఆయన చెప్పకపోవడానికి కారణమే ఆ కంగారు. “ఐ వాజ్ నాట్ థింకింగ్ క్లియర్లీ” అని ఒక్క వాక్యం ఉండాలి.

నాగావళి_ఒడ్డు
తప్పు ఒప్పుకున్న వెంటనే కారణం పెడితే ఒప్పుకోలు పలచబడుతుందని నా అభిప్రాయం. పెట్టాలనుకుంటే ఒప్పుకోలుకు ముందు పెట్టండి. ఇక పెద్దకర్మ సెలవును మరునాడు వేరే ఉత్తరంలో తేదీతో అడగండి. ఒకే దానిలో క్షమాపణా అభ్యర్థనా ఉంటే మొదటిది రెండోదాని కోసమే అనిపిస్తుంది.

కోట_జంక్షన్
నేనైతే ఒకేసారి అడిగేస్తాను. రోజుకొక ఉత్తరం ఎవరు చదువుతారు?

జీడితోట_టెక్కలి
కంగారు వాక్యాన్ని ఒప్పుకోలుకు ముందు చేర్చి, సెలవు మాట ఎత్తకుండా పంపించాను. గంటలోనే జవాబు వచ్చింది. మొదటి రెండు వాక్యాలు సంతాపం. మూడో వాక్యంలో, కర్మకాండలు ఎప్పటివరకు ఉంటాయి, ఏ రోజులు సెలవు కావాలి అని ఆయనే అడిగారు.

రాజాం_మాస్టారు
సంతోషం. “ఎక్స్‌పైర్డ్” అని రాసినా ఆయన ఇదే అడిగి ఉండేవారు.