"వి హావ్ మచ్ టైమ్" ఎందుకు తప్పు, "వి హావ్ మెనీ ఫ్రెండ్స్" ఎందుకు కరెక్ట్?

చైత్ర_22: ప్రాక్టీస్ టెస్టులో "వి హావ్ మచ్ టైమ్" అంటే తప్పన్నాడు, "వి హావ్ మెనీ ఫ్రెండ్స్" మాత్రం కరెక్ట్ అన్నాడు. రెండూ పాజిటివ్ వాక్యాలే కదా? ఇంకోటి, కొందరు రాలేదు అని చెప్దామని "ఫ్యూ పీపుల్ డిడింట్ కమ్" అని రాస్తే దానికీ మార్కు పోయింది. ఎందుకు?

కిరణ్_గ్రామర్: సింపుల్ అండీ, మచ్, మెనీ రెండూ నెగటివ్‌లోనూ ప్రశ్నల్లోనూ మాత్రమే వస్తాయి, పాజిటివ్‌కి ఎ లాట్ ఆఫ్. నెగటివ్‌లో ఎ లాట్ ఆఫ్ రాదు. మెనీ ఫ్రెండ్స్ కరెక్ట్ అన్నాడంటే ఆ టెస్టు తయారుచేసినవాడిదే పొరపాటు.

సుమతి: కిరణ్ గారూ, మచ్ సంగతి చాలావరకు మీరు చెప్పినట్టే, కానీ మెనీని కూడా దాంతో కట్టేయకండి. మామూలు మాటల్లో "వి హావ్ మచ్ టైమ్" అని ఎవరూ అనరు, "వి హావ్ ఎ లాట్ ఆఫ్ టైమ్" అంటారు. మెనీకి ఆ ఇబ్బంది లేదు, "మెనీ పీపుల్ థింక్ సో" అనేది రోజూ వినే వాక్యమే, మాట్లాడేటప్పుడు ఎ లాట్ ఆఫ్ కన్నా కాస్త పుస్తకభాషలా ఉంటుందంతే. ఇక నెగటివ్‌లో ఎ లాట్ ఆఫ్ రాదన్నది అస్సలు కరెక్ట్ కాదు, "ఐ డోంట్ హావ్ ఎ లాట్ ఆఫ్ టైమ్" నిక్షేపంలా వాడతారు.

కిరణ్_గ్రామర్: సరే, మెనీ ఒప్పుకుంటా. మరి "థాంక్యూ వెరీ మచ్" పాజిటివే కదా, అక్కడ మచ్ ఎలా వచ్చింది?

సుమతి: మంచి ప్రశ్న. అక్కడ మచ్ వెనక నామవాచకం లేదు, అది ఎంతగా అన్నది చెప్తోంది, ముందు వెరీ కూడా ఉంది. నామవాచకం ఉన్నా సరే ముందు సో, టూ, యాజ్ లాంటివి చేరితే మచ్ పాజిటివ్‌లో హాయిగా కుదురుతుంది, "దేర్ ఈజ్ టూ మచ్ నాయిస్" అన్నట్టు. ఒంటరిగా వచ్చినప్పుడే తేడా కొడుతుంది.

ఇప్పుడు చైత్ర గారి రెండో వాక్యం, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఫ్యూ అనే మాటలోనే నెగటివ్ దాగి ఉంటుంది, "ఫ్యూ పీపుల్ కేమ్" అంటే కొద్దిమందే వచ్చారు, అంటే దాదాపు ఎవరూ రాలేదన్న ధ్వని. దాని పక్కన మళ్ళీ డిడింట్ పెడితే రానివాళ్ళు కొద్దిమందే అవుతారు, అంటే దాదాపు అందరూ వచ్చేశారు. వాక్యం గ్రామర్‌పరంగా తప్పు కాదు, మీరు చెప్దామనుకున్నది అది కాదు. కొందరు రాలేదు అనాలంటే "ఎ ఫ్యూ పీపుల్ డిడింట్ కమ్". తెలుగులో కొంతమంది, కొద్దిమందే అన్నప్పుడు ఆ చివరి "ఏ" చేసే పనిని ఇంగ్లీషులో ఫ్యూ ముందు "ఎ" లేకపోవడం చేస్తోంది.

డౌటొస్తే ఎవర్ పెట్టి చూడండి. "ఫ్యూ పీపుల్ హావ్ ఎవర్ సీన్ ఇట్" కుదురుతుంది, "ఎ ఫ్యూ పీపుల్ హావ్ ఎవర్ సీన్ ఇట్" కుదరదు. ఇలాంటి చోట ఎవర్‌కి వాక్యంలో నెగటివ్ ఛాయ కావాలి, అది ఫ్యూలో ఉంది, ఎ ఫ్యూలో లేదు.

నీలిమేఘం: ఇది మా టీమ్‌లో నిజంగా జరిగింది, ఒకరు "ఐ హావ్ ఫ్యూ డౌట్స్ అబౌట్ ద ప్లాన్" అని మెయిల్ పెట్టారు, నేను చదివి ఓహో ప్లాన్ మీద పెద్దగా అనుమానాల్లేవు అనుకుని ముందుకెళ్ళిపోయా, ఆయనేమో అడగాల్సినవి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. అలాంటప్పుడు ఓన్లీ పెడితే సరిపోతుందా?

సుమతి: ఓన్లీ పెడితే తిరగబడుతుందండీ. "ఓన్లీ ఎ ఫ్యూ" అంటే మళ్ళీ కొద్దిగానే అని. ఆయన చెప్పాలనుకున్నది అడగాల్సినవి కొన్ని ఉన్నాయని కాబట్టి "ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్" చాలు. అదే "క్వైట్ ఎ ఫ్యూ" అంటే చాలానే ఉన్నాయని, అది గుర్తుపెట్టుకోండి.

చైత్ర_22: ఫ్యూ అర్థమైంది మేడం, థాంక్స్. మరి నేను రిపోర్టులో "మచ్ వర్క్ రిమెయిన్స్" అని చూశా, అక్కడ టూ, సో ఏమీ లేవు?

సుమతి: రాతలో, ఫార్మల్‌గా, ముఖ్యంగా వాక్యం మొదట్లో అది ఒప్పే. అందుకే మీ టెస్టు తప్పు అనడం కన్నా సహజంగా లేదు అనుంటే బాగుండేది.

కిరణ్_గ్రామర్: ఇక్కడ మాత్రం ఒప్పుకోను. నేర్చుకునేవాళ్ళకి ఈ మినహాయింపులు చెప్తే మచ్ టైమ్, మచ్ మనీ అని అన్నిచోట్లా పెట్టేస్తారు, తప్పు అనే కొట్టాలి.

సుమతి: కొడితే రేపు రిపోర్టులో కనబడ్డ కరెక్ట్ వాక్యాన్ని కూడా దిద్దుతారు కిరణ్ గారూ. చైత్ర గారు అదే అడుగుతున్నారిప్పుడు.