దెబ్బ తగలకుండానే అమ్మ ఒంటి మీద కమిలిన మచ్చలు: నొప్పి మాత్రల వల్లేనా?

మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మకు 63 ఏళ్లు. మూడు వారాలుగా చేతులు, తొడల మీద నీలంగా కమిలిన మచ్చలు వస్తున్నాయి. ఎక్కడా తగిలిన గుర్తు లేదంటుంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఎనిమిది నెలల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. అప్పటినుంచి ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 వాడుతోంది. మోకాళ్ల నొప్పికి నెలగా మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటోందని నిన్ననే తెలిసింది. మచ్చలు మొదలైంది ఆ తర్వాతే.

ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, అంటే నార్మలే. కానీ ఈ మాత్రలు ప్లేట్‌లెట్ల సంఖ్యను కాదు, అవి ఒకదానికొకటి అతుక్కునే గుణాన్ని తగ్గిస్తాయట. అందుకే ఆ రిపోర్టు చూసి ధైర్యం రావడం లేదు. చిగుళ్ల నుంచి రక్తం, నల్ల విరేచనం లేవు. డైక్లోఫెనాక్ ఆపించాను. స్టెంట్ మూసుకుపోతుందనే భయంతో మిగతా రెండూ ఆపలేదు.

సోమవారం కార్డియాలజిస్టును కలుస్తాం. విటమిన్ కె లోపం, లివర్ సమస్య తెలియడానికి రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ, ఐఎన్ఆర్ పరీక్షలు కూడా అడగాలా? ఇలా జరిగినవాళ్లకు నొప్పి మాత్ర మానేశాక కొత్త మచ్చలు ఎన్నాళ్లకు ఆగాయి? మోకాళ్లకు బదులుగా ఏమిచ్చారు?