ఎంఆర్‌ఎస్‌ఏ మీద క్లావ్యులనేట్ ఎందుకు పనిచేయదు?

ఫార్మసీ ఫైనలియర్
కల్చర్ రిపోర్టులో స్టాఫ్ ఆరియస్ బాక్టీరియా వచ్చింది, సెఫాక్సిటిన్ రెసిస్టెంట్ అని ఉంది, అంటే మెథిసిలిన్‌కి లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం. కింద "అన్ని పెనిసిలిన్లకూ, సెఫలోస్పోరిన్లకూ రెసిస్టెంట్‌గా భావించాలి" అని ఒక వాక్యం. బాక్టీరియా ప్లేటు మీద అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ మందు బిళ్ల, అదే డిస్క్, అసలు పెట్టనేలేదు. పెనిసిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆపడానికే కదా క్లావ్యులనేట్ ఉన్నది? పరీక్ష చేయకుండానే ఎలా కొట్టేస్తారు? ల్యాబ్ వాళ్ల బద్ధకమా?

షాపు ముప్పై ఏళ్లు
బద్ధకం సంగతి తెలియదు గానీ మీ అనుమానం సరైనదే. స్టాఫ్ పెనిసిలిన్‌ని ఎంజైమ్‌తో విరగ్గొడుతుంది. దానికే క్లావ్ కలిపారు. 625 పనిచేయకపోతే డాక్టర్లు 1000 రాస్తారు. డోసు పెరిగితే ఎంజైమ్ ఎంతని విరగ్గొడుతుంది? నా అనుభవంలో పుండ్లు మానినవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

ల్యాబ్ మేడమ్
మానినవాళ్లలో ఎందరికి కల్చర్ చేశారో చెప్పండి సార్. పుండు శుభ్రంగా కడిగి చీము తీస్తే మందు పనిచేయకపోయినా చాలావరకు మానుతుంది.

ఫైనలియర్ గారూ, బద్ధకం కాదు. స్టాఫ్ గోడ ఎలా కడుతుందో చూస్తే ఆ డిస్క్ ఎందుకు పెట్టమో తెలుస్తుంది. గోడలో పొడుగాటి చక్కెర గొలుసులు ఉంటాయి, వాటికి చిన్న పెప్టైడ్ తోకలు వేలాడుతుంటాయి. తోక చివర రెండు అలనిన్లు. పీబీపీ అనే ఎంజైమ్ చివరి అలనిన్‌ని తీసేసి, ఆ తోకను పక్క గొలుసు తోకతో ముడివేస్తుంది. పెనిసిలిన్ ఆకారం ఆ రెండు అలనిన్లను పోలి ఉంటుంది. పీబీపీ మోసపోయి దాన్ని పట్టుకుంటుంది. పెనిసిలిన్‌లోని బీటా-లాక్టమ్ ఉంగరం తెరుచుకుని పీబీపీలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుపోతుంది. ఆ ఎంజైమ్ గంటల తరబడి ఇక దేనికీ పనికిరాదు.

షాపు గారు చెప్పిన, మందును విరగ్గొట్టే ఎంజైమ్ పేరు బీటా-లాక్టమేజ్. అది చేసేదీ సరిగ్గా ఇదే. దానికీ సెరీన్ ఉంది, పెనిసిలిన్ దానికీ అలాగే అతుక్కుంటుంది. తేడా ఒక్కటే. దాని పక్కనే ఒక నీటి అణువు సిద్ధంగా ఉంటుంది. చేతికంటిన జిగురును వెంటనే కడిగేసుకున్నట్టు, విరిగిన మందును వదిలేసి మరోదాన్ని పట్టుకుంటుంది. క్లావ్యులనేట్ ఈ కడుక్కోవడాన్నే చెడగొడుతుంది. ఇంతవరకు షాపు గారు చెప్పింది నిజమే.

కానీ ఎంఆర్‌ఎస్‌ఏలో ఉన్నది ఇంకో దారి. మెక్ఏ అనే జన్యువు వల్ల పీబీపీ2ఏ అనే అదనపు ఎంజైమ్ తయారవుతుంది. దాని సెరీన్ ఒక ఇరుకు గాడిలో, మూసుకున్నట్టు ఉంటుంది. మందు లోపలికి వెళ్లి అతుక్కోవడానికి చాలా సమయం పడుతుంది. మామూలు పీబీపీలన్నీ మూతపడినా ఇది ముడులు వేస్తూనే ఉంటుంది. ఇక్కడ మందు విరగడం లేదు, అసలు అంటుకోవడం లేదు. అలాంటప్పుడు క్లావ్యులనేట్ ఎవరిని ఆపాలి?

సెఫాక్సిటిన్ డిస్క్ పెట్టేది సెఫాక్సిటిన్ ఇద్దామని కాదు. మెక్ఏని బాగా రెచ్చగొడుతుంది కాబట్టి పెడతాం. 30 మైక్రోగ్రాముల డిస్క్ చుట్టూ బాక్టీరియా పెరగని జోన్ 21 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ వస్తే మెక్ఏ ఉన్నట్టే లెక్క. ఒక్క విషయం, "అన్ని సెఫలోస్పోరిన్లూ" అని రాయడం కొంచెం తొందరపాటు. సెఫ్టారోలిన్ మినహాయింపు. అది పీబీపీ2ఏ మీద ఇంకోచోట కూర్చుని ఆ గాడి తెరుచుకునేలా చేస్తుంది.

కాకినాడ కొడుకు
నాదీ ఇదే సమస్య, అందుకే అడుగుతున్నా. నాన్నకి షుగర్, పాదం మీద పుండు. ఒక ఆసుపత్రిలో అమాక్సీ-క్లావ్ ఇచ్చారు. నాలుగో రోజుకి నొప్పి తగ్గిందని ఆయన ఆపేశారు. వాపు మళ్లీ పెరిగాక కల్చర్ చేస్తే ఎంఆర్‌ఎస్‌ఏ. లినెజోలిడ్‌కి మార్చారు, ఇప్పుడు పర్వాలేదు. కోర్సు మధ్యలో ఆపినందుకే మామూలు స్టాఫ్ ఇలా మారిందని ఇంట్లో అందరూ నాన్నని తిడుతున్నారు. నిజమేనా?

ల్యాబ్ మేడమ్
తిట్టడం ఆపమనండి. మెక్ఏ అనేది ఉన్న జన్యువులో చిన్న మార్పు వచ్చి నాలుగు రోజుల్లో పుట్టుకొచ్చేది కాదు. పొడవైన డీఎన్‌ఏ ముక్కగా ఇంకో స్టాఫ్ జాతి నుంచి వచ్చి చేరేది. ఆ పుండులో చేరినప్పుడే అది ఎంఆర్‌ఎస్‌ఏ అయి ఉండే అవకాశం ఎక్కువ. దాదాపు మూడో వంతు మంది ముక్కుల్లో స్టాఫ్ ఆరియస్ ఉంటుంది, వాళ్లలో కొందరి దగ్గర ఈ రకం ఉంటుంది. మందు చేసేది పక్కనున్న మామూలువాటిని చంపి దీనికి చోటివ్వడం. అది కోర్సు ఆపితేనే కాదు, పూర్తి చేసినా జరుగుతుంది.

షాపు ముప్పై ఏళ్లు
అంటే కోర్సు ఆపేసినా పర్వాలేదంటారా? ఇది చదివినవాళ్లు రేపు నా షాపులో మూడు మాత్రలే ఇమ్మంటారు.

ల్యాబ్ మేడమ్
ఆ మాట నేను అనలేదు. ఎప్పుడు ఆపాలో వైద్యం చేస్తున్నవాళ్లు చూసి చెప్పాలి. ఈ నిరోధం ఆయన చేసిన పని వల్ల పుట్టిందనడమే తప్పంటున్నాను.

పీహెచ్‌డీ నాలుగో ఏడు
పుట్టుక గురించి ఇంకో విషయం. బీటా-లాక్టమేజ్ విరగ్గొట్టలేని పెనిసిలిన్‌గా మెథిసిలిన్ 1959లో వాడకంలోకి వచ్చింది, 1961లోనే బ్రిటన్‌లో నిరోధక రకాలు కనిపించాయి. రెండేళ్లకే ఎలా వచ్చాయని చాలాకాలం ఆశ్చర్యపడ్డారు. దాచిన పాత రకాల జన్యుక్రమాలు 2017లో పరిశీలిస్తే, ఆ వంశంలోకి మెక్ఏ 1940ల మధ్యలోనే వచ్చిందని తేలింది. అంటే మెథిసిలిన్ పుట్టకముందే. పెనిసిలిన్ విపరీతంగా వాడినప్పుడే ఈ రకం లాభపడి ఉంటుందని వాళ్ల వాదన. దీని చుట్టం మెక్‌సీ కథ ఇంకా చిత్రం. యూరప్ ముళ్లపందుల చర్మం మీద పెనిసిలిన్ తయారుచేసే బూజు ఉంటుంది. ఆ బూజు పక్కనే బతకాల్సి వచ్చి, ఆసుపత్రులు మందులు వాడకముందే అక్కడి స్టాఫ్‌కి మెక్‌సీ పట్టుబడింది.

ఇక మేడమ్ గారితో చిన్న విభేదం. క్లావ్యులనేట్‌కి పని లేదని అంత గట్టిగా చెప్పలేం. మెథిసిలిన్‌తో పోలిస్తే పెనిసిలిన్‌కి పీబీపీ2ఏ మీద పట్టు కొంచెం మెరుగే. ఆ పట్టు మనకు కనిపించకపోవడానికి కారణం, చాలా ఎంఆర్‌ఎస్‌ఏలలో బీటా-లాక్టమేజ్ కూడా ఉండటం. అది పెనిసిలిన్‌ని ముందే విరగ్గొట్టేస్తుంది. దాన్ని క్లావ్యులనేట్‌తో ఆపి చూస్తే, కొన్ని వంశాలు పెనిసిలిన్‌కి లొంగాయని 2019లో కేంబ్రిడ్జ్ బృందం చూపింది. వాటిలో మెక్ఏ తక్కువగా పనిచేసేలా చేసే మార్పులు, పీబీపీ2ఏలోనే కొన్ని మార్పులు కనిపించాయి.

షాపు ముప్పై ఏళ్లు
చూశారా! నేను మొదటి నుంచీ అదే అంటున్నా.

ల్యాబ్ మేడమ్
మీరన్నది డోసు పెంచమని. ఆ మార్పులు లేని రకంలో డోసు రెట్టింపు చేసినా రక్తంలో చేరేంత మందు పీబీపీ2ఏని మూయదు. విరేచనాలు మాత్రం పెరుగుతాయి.

పీహెచ్‌డీ గారూ, ఆ పేపర్ చదివాను, బాగుంది. కానీ నా ప్లేటు మీద పెరిగింది ఏ వంశమో సెఫాక్సిటిన్ డిస్క్ చెప్పదు. అది చెప్పే పరీక్ష మామూలు ల్యాబ్‌లో లేదు. రోగుల్లో ట్రయల్ జరిగేదాకా రిపోర్టులో పెనిసిలిన్ల గురించిన ఆ మాట నేను మార్చను.

పీహెచ్‌డీ నాలుగో ఏడు
క్లావ్యులనేట్ డిస్క్ పెట్టనేపెట్టకపోతే ఎన్ని రకాలు లొంగుతాయో ఎప్పటికి తెలుస్తుంది? రిపోర్టులో రాయొద్దు, కనీసం లోపల నమోదు చేయండి.

ల్యాబ్ మేడమ్
డిస్క్‌లకు డబ్బు ఎవరిస్తారు? సరే, దాచిపెట్టిన రకాలు ఉన్నాయి. ఒక ఇరవైకి చేసి చూస్తాను.

ఫార్మసీ ఫైనలియర్
ఇంకొకటి. గోడకి ముడులు పడకపోతే లోపలి ఒత్తిడికి బాక్టీరియా పగిలి చస్తుందని మా సార్ చెప్పారు. అంతేనా?

పీహెచ్‌డీ నాలుగో ఏడు
అదీ తెగని పంచాయితీయే. ఈ-కోలైలో 2014లో చూసిందేమిటంటే, ముడి పడని గొలుసుల్ని కణం కడుతూనే ఉంటుంది, వెంటనే తనే కోసేస్తుంది. ఆ వృథా పనిలో దాని సరుకంతా ఖర్చవుతుంది. స్టాఫ్‌లో అయితే పగలకముందే చనిపోయినవి కనిపిస్తాయి. పరీక్షలో మాత్రం మీ సార్ చెప్పిందే రాయండి.