ఫొటోలో ఉన్నది కాక్టసేనా? చెట్టునీ పక్షినీ చూసి ఖండం తేల్చడం

చిత్తడినేల
ఎక్కడ తీశారో రాయని ఫొటో ఒకటి ఉంది. నేలంతా పొట్టిగా ఎండిన గడ్డి. మధ్యలో రెండంతస్తుల ఎత్తు జెముడు చెట్టు, కొమ్మలన్నీ దీపపు సెమ్మెలా పైకి లేచాయి. కుడిపక్క నేల మీద వంకర ఎర్రముక్కు పక్షి, ఏదో పొడుచుకు తింటోంది. ఫైలు వెడల్పు 1600 పిక్సెళ్ళు. చెట్టు కాక్టస్, పక్షి టూకాన్, అంటే మెక్సికో అనుకుంటున్నాను. సరిపోయినట్టేనా?

గూడుపిట్ట
కాక్టస్ అమెరికా ఖండాలదే, అంతవరకు ఒప్పు. టూకాన్ మాత్రం కాదు. టూకాన్లు వానలు బాగా పడే దట్టమైన అడవుల్లోనే ఉంటాయి, ఇలాంటి ఎండు గడ్డిలో కనబడవు. అమెరికాలోనే ఇంకేదో పక్షి అయి ఉండాలి.

ముళ్ళకంచె
ఇద్దరూ చెట్టు దగ్గరే తొందరపడ్డారు. మన భాషలో నాగజెముడూ జెముడే, బొంతజెముడూ జెముడే. కానీ మొదటిది కాక్టస్, రెండోది యుఫోర్బియా. రెండు కుటుంబాలకీ చుట్టరికం లేదు. నీళ్ళు దాచుకోవలసిన చోట పెరిగి ఒకే ఆకారానికి వచ్చాయి, అంతే. ఒక్క రిప్సాలిస్‌ని పక్కన పెడితే కాక్టస్‌లన్నీ పుట్టుకతో అమెరికావి. అదీ ముళ్ళు లేకుండా వేలాడే తీగ, మీ చెట్టుతో పొరబడేది కాదు. సెమ్మెలాంటి పెద్ద యుఫోర్బియాలు తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో కనిపిస్తాయి.

తేడా ముళ్ళ మొదట్లో ఉంటుంది. కాక్టస్‌లో ప్రతి ముళ్ళగుత్తీ నూగుతో ఉన్న చిన్న దిండులాంటి చుక్క నుంచి లేస్తుంది. దగ్గర ఫొటోలో అది తెల్లగానో గోధుమరంగుగానో కనిపిస్తుంది. యుఫోర్బియాలో దిండు ఉండదు. పలక అంచు మీద గట్టి మచ్చ, దాని మీద రెండేసి ముళ్ళు. గిల్లితే తెల్లటి పాలు కారతాయి గానీ ఫొటోలో గిల్లలేం కదా! దూరపు ఫొటోలో ముళ్ళు అసలు తెలియవు, అప్పుడు చెట్టు నిర్మాణం చూడాలి. చిత్తడినేల గారూ, మూడు సంగతులు చెప్పండి. మాను అడుగున గోధుమరంగు బెరడుందా, లేక నేలదాకా పచ్చగా పలకలుగానే ఉందా? ఒక్కో కొమ్మకి ఎన్ని పలకలు? పువ్వులు గానీ కాయలు గానీ ఉన్నాయా?

చిత్తడినేల
అడుగున మనిషి నడుమెత్తు దాకా బెరడున్న మాను ఉంది. పైన కొమ్మలు కిక్కిరిసి ఉన్నాయి. దగ్గరి కొమ్మకి మూడు పలకలు ఇటువైపే కనిపిస్తున్నాయి. అక్కడక్కడ కొమ్మ సన్నబడి మళ్ళీ లావవుతోంది. పువ్వులు కనిపించడం లేదు.

ముళ్ళకంచె
అయితే అరిజోనా సగ్వారో కాదు. దానికి పలకలు డజనుకి తక్కువుండవు, చేతులు కొద్దిగా, ఎడంగా ఉంటాయి. మీది యుఫోర్బియా ఇంజెన్స్ లాగానో, క్యాండెలాబ్రమ్ లాగానో ఉంది. ఈ రెంటినీ దూరం నుంచి విడదీయడం కష్టం. మధ్య మధ్య నొక్కినట్టు సన్నబడే కొమ్మలూ అటే చెబుతున్నాయి.

ఎండుటాకు
అంతటితో ఆఫ్రికా అనేస్తే పొరపాటే. ఈశాన్య బ్రెజిల్ కాటింగాలో మండకారు అనే కాక్టస్ ఉంది. దానికీ బెరడు మాను, కిక్కిరిసిన కొమ్మలు, నాలుగు నుంచి ఆరు పలకలు. పూతలో ఉంటే చిక్కు లేదు, దాని పువ్వు అరచేతికన్నా పెద్దది, తెల్లనిది, రాత్రి విచ్చుకుంటుంది. యుఫోర్బియా పూత కొమ్మ చివర పలకల వెంట చిన్న పసుపు గుళికల్లా ఉంటుంది. పూత లేని చెట్టు దూరం నుంచి తీస్తే, రెంటినీ ఆకారంతో విడదీశామన్న ధీమా నాకు రాదు.

ముళ్ళకంచె
ఒప్పుకుంటాను. చెట్టు ఒక్కటే చాలదు. పైగా యుఫోర్బియాని తోటల్లో అందానికి కూడా పెంచుతారు. ఇక పక్షి దగ్గరికి పోదాం.

కంచెకోయిల
మా ఫొటోలో నాగజెముడు ఉంది, పక్కనే కంగారూ ఉంది. మీ లెక్కన అమెరికా అవ్వాలి, మరి కంగారూ ఎక్కడిది?

ఎండుటాకు
అక్కడ కంగారూ మాటే నమ్మండి. నాగజెముడుతో ఖండం తేల్చలేం, మనుషులు దాన్ని ప్రపంచమంతా మోసుకుపోయారు. ఆస్ట్రేలియాలో అది లక్షల ఎకరాలు ఆక్రమిస్తే, దాన్ని తినే కాక్టోబ్లాస్టిస్ చిమ్మటని 1926లో అక్కడ వదలాల్సి వచ్చింది. యూకలిప్టస్ ఉంది కాబట్టి ఆస్ట్రేలియా అన్నా అంతే సంగతి. పక్షుల్లోనూ పావురం, ఊరపిచ్చుక, గోరింక ఇందుకు పనికిరావు. కంగారూ వెనక కంచె తీగ గానీ, నీళ్ళ తొట్టి గానీ ఉందేమో చూడండి, ఉంటే అది జూ కూడా కావచ్చు.

గూడుపిట్ట
పక్షి గురించి నా మాట మీదే ఉన్నాను. ఎండు నేలలో టూకాన్ ఉండదు.

పాలపిట్ట
ఉంటుందండీ. టోకో టూకాన్ బ్రెజిల్ సెర్రాడోలో, పాంటనాల్‌లో చెట్లు పలచగా ఉన్న చోటే తిరుగుతుంది. నేల ఎండినంత మాత్రాన దాన్ని కొట్టేయలేం. కానీ ముక్కు చూడండి. టోకోది నారింజ రంగు, పడవలా లావు, కొస దగ్గర నల్లటి మచ్చ. ఎర్రటి సన్నని వంకర ముక్కు, తెల్లచుక్కల రెక్క, పొడుగు తోక, నేల మీద తవ్వుకు తినే తీరు ఉంటే ఎర్రముక్కు హార్న్‌బిల్. హార్న్‌బిల్‌లు ఆఫ్రికా నుంచి ఆసియా మీదుగా న్యూగినీ, సోలోమన్ దీవుల దాకా ఉన్నాయి. అమెరికాల్లో అడవిలో ఒక్కటీ లేదు. చిత్తడినేల గారూ, పక్షి దగ్గర మాత్రం కత్తిరించి పెడతారా? చిన్నది చేయకుండా, అసలు సైజులోనే.

చిత్తడినేల
పెట్టాను. తల మొత్తం 60 పిక్సెళ్ళ లోపే. రెక్క మీద తెల్లచుక్కలు స్పష్టంగా ఉన్నాయి. ముక్కు మొత్తం ఎరుపే, నల్లటి కొస లేదు.

పాలపిట్ట
తెల్లచుక్కలు ఉన్నాయంటే వాన్ డెర్ డెకెన్ హార్న్‌బిల్ కాదు, దాని రెక్క మీద ఆ చుక్కలుండవు. ఆసియా హార్న్‌బిల్‌లలో ఈ ఒడ్డూ పొడుగూ రంగూ ఉన్నది లేదు. చెట్టు చెప్పిందీ పక్షి చెప్పిందీ కలిసింది, కాబట్టి ఆఫ్రికా, సహారాకి దక్షిణం. నివాసం ఎడారి కాదు, చెట్లున్న ఎండు సవానా. ఈ పక్షి చెట్టు తొర్రలోనే గూడు పెడుతుంది, కాబట్టి ఫొటోలో పడకపోయినా దగ్గర్లో ముదిరిన చెట్లుంటాయి.

గూడుపిట్ట
సరే, అది ఒప్పుకున్నాను. మరి దేశం? కంటి చుట్టూ నల్లగా ఉంది. అది టాంజానియా రకానికే ఉంటుంది కదా.

పాలపిట్ట
దానికొక్కదానికే కాదు. టాంజానియా రకానికి కంటి చుట్టూ చర్మం నలుపు, పశ్చిమ ఆఫ్రికా రకానికీ నలుపే, దక్షిణపుదానికి గులాబి, నమీబియా వైపు డమారా రకానికి ముఖం తెలుపు. కానీ 60 పిక్సెళ్ళ తలలో కన్ను మూడు నాలుగు పిక్సెళ్ళే. మీరు చూస్తున్న నలుపు చర్మమో నీడో నేను చెప్పలేను. చెట్టు కింద నీడ నిలువుగా, పొట్టిగా పడింది, అంటే మిట్టమధ్యాహ్నం, కనుబొమ్మ కింద ఎలాగూ చీకటే.

ఎండుటాకు
జేపీఈజీ కుదింపు కూడా ఎరుపు పక్కన ఇలాంటి మసక అంచులు పుట్టిస్తుంది. టాంజానియా అని రాస్తే నేను ఒప్పుకోను.

గూడుపిట్ట
నాకైతే నలుపే కనిపిస్తోంది. నీడైతే గొంతు కింద కూడా అంతే నల్లబడాలి కదా, అక్కడ తెల్లగానే ఉంది.

పాలపిట్ట
ఆ మాటలో పస ఉంది. కానీ ఎండ పడ్డ నేల కిందినుంచి గొంతుకి వెలుగు కొడుతుంది, కన్ను గుంటలోకి అంతగా రాదు. అదే పక్షి తల ఇటు తిప్పిన ఇంకో ఫ్రేము ఉందేమో ఫొటో తీసినవాళ్ళని అడగండి. కంటి రంగూ, దాని చుట్టూ రంగూ దొరికితే చాలు, ముక్కు ఇక అక్కర్లేదు.