యంత్రం బొమ్మ తరువాత నిలువు గీత: ఎక్కడ తెగిపోతోంది?

నల్లబల్ల: ఒక సంఖ్య వేస్తే ఇంకో సంఖ్య బయటికొచ్చే యంత్రం బొమ్మతో ప్రమేయం చెబితే పిల్లలకు బాగానే ఎక్కింది. గ్రాఫు దగ్గరికొచ్చేసరికి y = x² ప్రమేయం కాదంటున్నారు. "2 వేసినా 4, -2 వేసినా 4, రెండుసార్లు వచ్చింది కదా" అని వాదన. యంత్రం మానేసి, నిలువు గీత గ్రాఫును ఎక్కడా రెండుసార్లు తాకకూడదన్న పరీక్షతోనే నేరుగా మొదలుపెట్టనా?

చుక్కలగీత: మానొద్దండి. "ఒకదానికి ఒకటే" అని చెప్పి ఉంటారు, ఆ మాట రెండువైపులా పనిచేస్తుందని పిల్లలు అనుకుంటారు. లోపలి సూత్రం దాచిపెట్టి రెండు యంత్రాల చీటీలు మాత్రమే చూపండి. మొదటిది: 2 వేస్తే 4, -2 వేస్తే 4, 3 వేస్తే 9. రెండోది: 4 వేస్తే 2, 9 వేస్తే 3, మళ్లీ 4 వేస్తే -2. "ఇప్పుడు ఇంకోసారి 4 వేస్తే ఏమొస్తుంది?" అని రెండోదాని గురించి అడగండి. ఎవరూ చెప్పలేరు. చెడిపోయిన యంత్రం అదేనని వాళ్లే అంటారు.

ఆ చీటీలనే గ్రాఫు మీద చుక్కలుగా పెట్టించండి. రెండోదాంట్లో (4, 2), (4, -2) ఒకదాని కింద ఒకటి పడతాయి. x = 4 దగ్గర స్కేలు నిలబెడితే రెండూ తగులుతాయి. స్కేలు నిలబెట్టడమంటే "4 వేస్తే ఏమొచ్చింది" అని అడగడమే. మొదటిదాంట్లో y = 4 దగ్గర అడ్డంగా పెడితే ప్రశ్న మారిపోతుంది: "4 రావాలంటే ఏం వేయాలి?" దానికి రెండు జవాబులున్నా తప్పులేదు.

మూలబిందువు: గీత ప్రతిచోటా కచ్చితంగా ఒక్కసారి తగలాలి. అందుకే y = √x ప్రమేయం కాదు, x = -1 దగ్గర గీత దేనికీ తగలదు.

చుక్కలగీత: రెండుసార్లు తగలకూడదన్నది నిజం. అసలు తగలకపోతే మాత్రం ఆ యంత్రం -1ని తీసుకోదని అర్థం, అంటే -1 ప్రదేశంలో లేదు. ప్రదేశం వాస్తవ సంఖ్యలన్నీ అని ముందే ప్రకటించి ఉంటే మీరన్నదే ఒప్పు.

మూలబిందువు: అయితే ప్రదేశం చెప్పాకే గీత పరీక్ష చెప్పాలి, ముందు కాదు.

సాయంత్రం_లెక్కలు: మా వాడికి y = x², x విలువ -2 నుంచి 3 దాకా ఇచ్చారు. వచ్చే y విలువల వ్యాప్తి 4 నుంచి 9 అని రాస్తే తప్పు వేశారు. నిలువు గీత పెట్టి ఉంటే సరిపోయేదా?

చుక్కలగీత: దానికి నిలువు గీత పనికిరాదండి. బాబు కొసలు రెండే యంత్రంలో వేశాడు. 1 వేసి చూడమనండి, 1 వస్తుంది, అది 4 కంటే తక్కువ. వంపు 0 దగ్గర తిరుగుతోంది కాబట్టి వ్యాప్తి 0 నుంచి 9. స్కేలును అడ్డంగా పట్టి కింద నుంచి పైకి జరిపితే వంపును ఎక్కడ తాకడం మొదలై ఎక్కడ ఆగిందో కనబడుతుంది.

నల్లబల్ల: చీటీలు రేపే చేయిస్తాను. ప్రదేశం ముందా, గీత ముందా అన్నది మాత్రం నాకింకా తేలలేదు. చుక్కలు నాలుగే ఉన్నప్పుడు ప్రదేశం పేరెత్తకుండానే గీత నడిచిపోతుంది కదా?

మూలబిందువు: నాలుగు చుక్కలకు నడుస్తుంది. √x రాగానే ఆగిపోతుంది.