పోర్ట్రెయిట్ ఫొటోలో జుట్టు అంచు, కళ్లద్దాలు: దీన్ని బాగుచేసే దారి ఉందా?

శ్రీలత: మధ్యాహ్నం నుంచి నాలుగు గంటలుగా ఇదే పని. గండిపేట గట్టు మీద మా చెల్లెలికి పోర్ట్రెయిట్ మోడ్‌లో తీసిన ఫొటో ఇది. ఉంగరాల జుట్టు గాలికి ఎగిరింది. ఇప్పుడు చూస్తే తలను కత్తెరతో కత్తిరించి అతికించినట్టుంది. కళ్లద్దాల కుడి కాడ సగంలో మాయమైంది. ఎడమ అద్దం లోపల మాత్రం వెనకున్న నీళ్లు తేటగా కనిపిస్తున్నాయి. జుట్టు అంచున బ్లర్ బ్రష్ రుద్దితే ఇంకా అసహ్యంగా తయారైంది. ఆదివారం నిశ్చితార్థం, పెద్ద ప్రింటు తీయించాలి. ఏం చేయాలి?

వెంకట్: ఏ ఫోను? అసలు ఫైలు ఉందా?

మూర్తి: ఇది ఫోన్లతో అయ్యే పని కాదమ్మా. 85 మి.మీ. లెన్సు, f/1.8 పెట్టి తీస్తే ప్రతి వెంట్రుకా దానంతటదే మసకలోకి జారుతుంది. మీరంటున్న బ్లర్ వేరు, బొకే వేరు. బొకే అంటే మసక కాదు, ఆ మసక ఎంత అందంగా ఉందన్నది. ఈ తేడా తెలియక అందరూ రెండింటినీ కలిపేస్తున్నారు.

శ్రీలత: ఫొటో తీసేశాం సార్, ఇప్పుడు లెన్సు కొని ఏం చేయను? వెంకట్ గారూ, ఐఫోన్. ఫైలు చెల్లెలు మెసేజింగ్ యాప్‌లో పంపింది.

వెంకట్: అది పనికిరాదు. ఆమె ఫోనులోదే కావాలి.

హసీనా: శ్రీలత గారూ, ఎడిట్‌లో f సంఖ్య పెంచి చూడండి. f/8 దగ్గర అంచు పెద్దగా కనిపించదు. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

సుధాకర్: హసీనా గారు చెప్పినది సగం నిజం. సంఖ్య పెంచితే మసక తగ్గుతుంది, తప్పు గీత అక్కడే ఉంటుంది. పైగా యాప్ ద్వారా వచ్చిన కాపీలో ఏది దగ్గర, ఏది దూరం అని ఫోను రాసుకున్న లోతు సమాచారం ఉండదు, కాబట్టి ఆ స్లైడరే రాదు. చాలా ఫోన్లలో లోతు పటం ఫొటో కంటే ఎన్నో రెట్లు చిన్నది. విడి వెంట్రుక అందులో ఒక్క చుక్కంత కూడా ఉండదు. అందుకే ఫోను దాన్ని వెనక దృశ్యంతో కలిపేస్తుంది.

చెల్లెలి ఫోను నుంచి రెండు కాపీలు తీసుకోండి: ఒకటి Portrait ఉన్నది, రెండోది Edit లో Portrait ఆపి పంపినది. కొలతలు ఒకటేనో కాదో చూసుకోండి. GIMP అనే ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రాంలో మసక కాపీ కింద, తేట కాపీ పైన పెట్టండి. పై పొర మోడ్ `Darken only` చేసి, దాన్నంతా దాచే నల్ల మాస్కు తగిలించి, జుట్టు అంచు మీద మాత్రమే తెల్ల బ్రష్‌తో గీయండి. వెలుతురున్న నీళ్లు, ఆకాశం కంటే వెంట్రుకలు నల్లవి కనుక అవి పైకి వస్తాయి. వాటి మధ్య సందుల్లో మసక అలాగే మిగులుతుంది. మాయమైన కాడ నల్లదైతే దానికీ ఇదే పని చేస్తుంది. మెరిసే లోహమైతే ఇంకో తేట కాపీని `Normal` మోడ్‌లో పెట్టి, కాడ మీద సన్నని బ్రష్‌తో నడపండి.

శ్రీలత: మరి అద్దం లోపలి నీళ్లు?

సుధాకర్: మైనస్ పవర్ అద్దమేనా? అందులోంచి చూస్తే చెంప అంచు లోపలికి జరిగినట్టుంటుంది, ఆ సందులో వెనక దృశ్యం కనిపిస్తుంది. ఫోను అదంతా ముఖమే అనుకుని తేటగా వదిలేస్తుంది. రెండు కాపీల్లోనూ తేటగానే ఉంటుంది కాబట్టి పొరలు సాయపడవు. ఆ సందును మాత్రమే ఎంపిక చేసి, ఫ్రేము బయటి మసక నీళ్లను క్లోన్ టూల్‌తో తెచ్చి నింపండి. బ్లర్ వేయకండి, ఫ్రేము నలుపు అందులోకి కారుతుంది.

రాజు: నా సైకిలు చక్రం చువ్వలు కూడా ఇలాగే సగం పోయాయి. వాటికీ ఇదేనా?

మూర్తి: చువ్వల సంగతి వేరు. ముందు బొకే అంటే ఏమిటో తేల్చుకుందాం.

హసీనా: సార్, జపాన్ మాటలో దాని అర్థం మసకే అని చదివాను.

మూర్తి: అర్థం వేరు, వాడుక వేరు!

శ్రీలత: అసలు ఫైళ్లు వచ్చాయి. నీళ్ల వైపు జుట్టు చక్కగా వచ్చింది, కాడ కూడా. ఎడమవైపు తుమ్మ చెట్టు ఉంది. అక్కడ కొమ్మలు కూడా నల్లగా పైకి వస్తున్నాయి.

సుధాకర్: వస్తాయి. వెనక నలుపు ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. అటువైపు వెంట్రుకలను ఒక్కొక్కటిగా సన్నని బ్రష్‌తో గీయాలి. పావుగంటలో అయ్యే పని కాదు. ప్రింటు ఎంత పెద్దది?

శ్రీలత: 12×18. చెట్టు వైపు కొంత కత్తిరించేశాను, ఇక చాలు. థాంక్స్ అండి.

రాజు: చువ్వల సంగతి ఎవరైనా చెబుతారా?